ఏడాది నిండని పేగులో తేనె ఏం చేస్తుంది

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చిన్నపిల్లల తల్లిదండ్రులు, నర్సులే ఎక్కువ కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా నేరుగా విషయంలోకి వెళ్తాను. ఒకే సీసాలోని తేనె. మూడేళ్ల అక్క ఒక చెంచా నాకేస్తే ఎవరూ కంగారు పడరు. అదే చెంచా నాలుగు నెలల తమ్ముడి పెదాలకు తగిలిస్తే మాత్రం పిల్లల డాక్టర్లం గట్టిగా వద్దంటాం. తేనె అదే. తేడా ఉన్నది ఆ ఇద్దరు పిల్లల పేగుల్లో.

దీనికి కారణాలుగా జనం నాతో రకరకాల మాటలు చెబుతుంటారు. చిన్నపిల్లలకు తేనె అరగదని, తీపి ఎక్కువని, బజారులో దొరికే తేనె కల్తీదని. అసలు కారణం వీటిలో ఏదీ కాదు. మీ కళ్లముందే తేనెపట్టు నుంచి పిండి ఇచ్చిన స్వచ్ఛమైన తేనె అయినా నా జవాబు మారదు. ఇంకా చెప్పాలంటే, స్వచ్ఛతకీ ఈ ప్రమాదానికీ సంబంధమే లేదు. కారణం అర్థం కావాలంటే ముందు ఒక బాక్టీరియా గురించి చెప్పాలి.

దాని పేరు క్లాస్ట్రిడియం బోట్యులినమ్. ఇది మట్టిలో ఉంటుంది. ప్రపంచంలో దాదాపు అన్ని చోట్లా, పొలం మట్టిలో, చెరువు అడుగు బురదలో, ఇంట్లోకి వచ్చే దుమ్ములో కూడా దొరుకుతుంది. దీనికి ఆక్సిజన్ పడదు. గాలి తగిలే చోట పెరగలేదు. అందుకని పరిస్థితులు బాగోలేనప్పుడు గట్టి పెంకు కట్టుకుని, పనులన్నీ ఆపేసి, అలా పడి ఉంటుంది. ఆ రూపాన్ని స్పోర్ అంటాం. విత్తనం లాంటిదనుకోండి. తిండి అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, ఏళ్ల తరబడి అలాగే ఉండగలదు. ఎండకు చావదు, మామూలుగా నీళ్లలో మరిగించినా చావదు, మన కడుపులోని ఆమ్లానికీ చావదు.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా పట్టుకోండి, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. స్పోర్ వేరు, విషం వేరు. స్పోర్‌లో విషం ఉండదు. స్పోర్ మొలకెత్తి, బాక్టీరియాగా మారి, సంఖ్య పెంచుకుంటున్నప్పుడు విషాన్ని తయారు చేస్తుంది. ఆ విషం మాత్రం మనకు తెలిసిన విషాలన్నిటిలోకీ అత్యంత తీవ్రమైన వాటిలో ఒకటి. ముఖం మీద ముడతలు పోవడానికి ఇంజెక్షన్ వేయించుకుంటారు చూడండి, బొటాక్స్ అని, అది ఈ విషమే. అతి సూక్ష్మమైన మోతాదులో, ఒక్కచోట మాత్రమే పనిచేసేలా వాడతారు.

ఈ విషం తెచ్చే జబ్బును బోట్యులిజం అంటాం. పెద్దవాళ్లకు ఈ జబ్బు వచ్చే దారి వైద్యులకు చాలాకాలం నుంచే తెలుసు. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎలెజెల్ అనే ఊళ్లో, ఒక అంత్యక్రియల్లో వాయించడానికి వచ్చిన బ్యాండువాళ్లు ఉప్పునీళ్లలో ఊరబెట్టిన పంది మాంసం తిన్నారు. తర్వాత వాళ్లకు చూపు మసకబారింది, మింగడం కష్టమైంది, కండరాలు పడిపోయాయి. ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త ఆ మాంసం నుంచే ఈ బాక్టీరియాను పట్టుకుని, 1897లో ఆ వివరాలు ప్రచురించాడు. ఆ సంఘటనలో విషం ముందే మాంసంలో తయారై ఉంది. గాలి తగలని ఉప్పునీళ్ల అడుగున స్పోర్లు మొలకెత్తాయి, విషం అక్కడే ఊరింది, తిన్నవాళ్లు తయారైన విషాన్నే మింగారు. ఆ తర్వాత దాదాపు ఎనభై ఏళ్లపాటు వైద్యపుస్తకాల్లో ఈ జబ్బు అంటే ప్రధానంగా ఇదే: పాడైన నిల్వ ఆహారం తింటే వచ్చేది.

1976లో కాలిఫోర్నియాలో కొందరు పసిపిల్లలు ఈ లెక్కలో ఇమడలేదు. నెలల పిల్లలు. నిల్వ మాంసం తినే వయసు కాదు. అయినా ఒళ్లంతా మెత్తబడి, రెప్పలు వాలిపోయి, పాలు పీల్చలేక ఆసుపత్రికి వచ్చారు. వాళ్లు తాగిన పాలలో విషం లేదు. మలం పరీక్షిస్తే అందులో బాక్టీరియా ఉంది, విషమూ ఉంది. అంటే విషం బయట నుంచి రాలేదు, బిడ్డ పేగులోనే తయారవుతోంది. లోపలికి వెళ్లింది స్పోర్లు మాత్రమే. దీన్నే ఇప్పుడు శిశు బోట్యులిజం అంటున్నాం.

మరి స్పోర్లు ఎక్కడి నుంచి వెళ్లాయి? స్టీఫెన్ ఆర్నన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఆ పిల్లల ఇళ్లలోని తినే పదార్థాలు, మట్టి, దుమ్ము అన్నీ పరీక్షించి 1979లో ఫలితాలు ప్రచురించారు. పరీక్షించిన ఆహారాలన్నిటిలో స్పోర్లు దొరికింది తేనెలో మాత్రమే. ఆసుపత్రిలో చేరిన 41 మంది పిల్లల్లో 12 మందికి జబ్బుకు ముందు తేనె తినిపించారు. మీలో లెక్క తెలిసినవాళ్లు వెంటనే అడుగుతారు, మరి మిగతా 29 మంది సంగతేమిటని. మంచి ప్రశ్న. వాళ్లు తేనె తినలేదు. వాక్యూమ్ క్లీనర్ దుమ్ములో, మట్టిలో కూడా స్పోర్లు కనిపించాయి. ఇప్పటికీ ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో చాలామందికి స్పోర్ ఎక్కడి నుంచి వచ్చిందో తేలదు, గాలిలోని దుమ్ముతో వెళ్లి ఉంటుందని అనుకుంటాం. దుమ్మును ఎవరూ పూర్తిగా ఆపలేరు. తేనెను ఆపవచ్చు. తేనెనే వేలెత్తి చూపడానికి కారణం ఇది. ప్రమాదమంతా తేనెలోనే ఉందని కాదు, తప్పించుకోగల దారి అదొక్కటే స్పష్టంగా తెలిసింది కాబట్టి.

తేనెలోకి స్పోర్లు ఎలా వస్తాయంటే, తేనెటీగ పువ్వు మీదా వాలుతుంది, తడి మట్టి మీదా వాలుతుంది. దుమ్ముతో పాటు స్పోర్లు పట్టులోకి చేరతాయి. ప్రతి సీసాలోనూ ఉంటాయని కాదు, చాలా సీసాల్లో ఉండవు. ఉన్నదేదో లేనిదేదో చూసి, వాసన చూసి, రుచి చూసి ఎవరూ చెప్పలేరు. తేనె చెడిపోదు కదా, అందులో ఏ క్రిమీ పెరగదు కదా అంటారు. నిజమే. తేనెలో నీరు బరువులో 17, 18 శాతమే ఉంటుంది. ఆ కొంచెం నీటినీ చక్కెర గట్టిగా పట్టుకుని ఉంటుంది. పైగా తేనె పుల్లటిది, తీపి దాన్ని కప్పేస్తుంది కానీ ఆమ్లం బాగానే ఉంటుంది. ఇలాంటి చోట బోట్యులినమ్ పెరగలేదు, విషం చేయలేదు. కానీ పెరగకపోవడం వేరు, చావడం వేరు. స్పోర్ తేనెలో చావదు, అవకాశం కోసం కాచుకుని ఉంటుంది.

ఇప్పుడు ఆ తేనె చుక్క బిడ్డ పొట్టలోకి వెళ్లిందనుకుందాం. తేనె పలచబడిపోయింది, ఆమ్లం విరిగింది, నీళ్లకు కొదవ లేదు, ఒంటి వేడి ఉంది. పెద్దపేగులోకి చేరేసరికి ఆక్సిజన్ కూడా దాదాపు ఉండదు. స్పోర్‌కు కావలసినవన్నీ అక్కడ ఉన్నాయి.

కానీ ఇవన్నీ మూడేళ్ల అక్క పేగులో కూడా ఉన్నాయి కదా? ఆమె పెద్దపేగులోనూ ఆక్సిజన్ లేదు, అదే వేడి, అదే తడి. మరి అక్కడ స్పోర్ ఎందుకు మొలకెత్తి స్థిరపడదు? ఈ ప్రశ్న దగ్గరే మనం కాసేపు ఆగాలి.

పెద్దవాళ్ల పేగులో వందల రకాల బాక్టీరియాలు కిక్కిరిసి ఉంటాయి. వచ్చిన ప్రతి తిండి మెతుకునూ ఏదో ఒకటి తినేస్తుంది. పేగు గోడ మీద కాలు మోపే చోటు ఖాళీగా ఉండదు. అవి వదిలే ఆమ్లాలు, పైత్యరసాన్ని అవి మార్చి తయారుచేసే పదార్థాలు బోట్యులినమ్‌ను పెరగనివ్వవు. స్పోర్ వచ్చి, నిలదొక్కుకునే వీలు లేక, మలంతో పాటు బయటికి పోతుంది. మనం పెద్దవాళ్లం దుమ్ముతోనూ, పచ్చి కూరగాయలతోనూ, తేనెతోనూ జీవితమంతా ఈ స్పోర్లను మింగుతూనే ఉంటాం. ఏమీ కాదు.

పుట్టిన బిడ్డ పేగులో ఈ జనాభా ఇంకా చేరలేదు. పాలు మాత్రమే తాగే నెలల్లో కొన్ని రకాల బాక్టీరియాలే ఉంటాయి, వాటి సంఖ్య, వాటి మధ్య పొత్తు రోజురోజుకూ మారుతూ ఉంటుంది. పైత్యరసంలోని ఆమ్లాలు కూడా పెద్దవాళ్లంత ఉండవు. అందుకే స్పోర్‌కు అక్కడ ఖాళీ దొరుకుతుంది.

ఇది ఊహ కాదు, ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో చాలా చక్కగా తేలింది. మామూలు పెద్ద ఎలుకలకు లక్షల స్పోర్లు నోట్లో పోసినా పేగులో పట్టలేదు. పిల్ల ఎలుకలకు, అదీ ఒకటి రెండు వారాల వయసులో ఇస్తే పట్టింది, పేగులో విషం తయారైంది. అంతకంటే ఆసక్తికరమైనది ఇంకోటి. పుట్టినప్పటి నుంచి ఏ క్రిమీ తగలకుండా, శుభ్రమైన పెట్టెల్లో పెంచిన పెద్ద ఎలుకలు ఉంటాయి. వాటి పేగులో ఒక్క బాక్టీరియా ఉండదు. వాటికి పది స్పోర్లు ఇస్తే చాలు, బోట్యులినమ్ పాగా వేసింది. అలాంటి ఎలుకలనే కొన్ని రోజులు మామూలు ఎలుకలున్న గదిలో ఉంచి, ఆ తర్వాత స్పోర్లు ఇస్తే పట్టలేదు. ఎలుక వయసు మారలేదు, పేగు గోడ మారలేదు, రోగనిరోధక శక్తి కొన్ని రోజుల్లో పెద్దగా పెరిగింది లేదు. మామూలు బాక్టీరియాలు వచ్చి పేగు నిండింది, అంతే. నా దృష్టిలో ఈ మొత్తం విషయానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం లేదు. వయసు అసలు కారణం కాదు, వయసుతో పాటు నిండే పేగు కారణం. దీనికి ఇంకో నిదర్శనం కూడా ఉంది. చాలా అరుదుగా పెద్దవాళ్లకు కూడా ఈ పేగు రకం బోట్యులిజం వస్తుంది. వాళ్లను చూస్తే, పేగుకు ఆపరేషన్ అయినవాళ్లో, పేగు జబ్బు ఉన్నవాళ్లో, యాంటీబయోటిక్స్ వాడి సహజ బాక్టీరియాలు చెదిరినవాళ్లో అయి ఉంటారు.

ఇక విషం ఏం చేస్తుందో చెబుతాను. అది రక్తంలో కలిసి నరాల చివర్లకు చేరుతుంది. నరం కండరాన్ని కదిలించాలంటే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని చిన్న చిన్న సంచుల్లోంచి బయటికి వదలాలి. ఆ సంచి నరం అంచుకు అతుక్కుంటేనే తెరుచుకుంటుంది. ఈ విషం సరిగ్గా ఆ అతికించే ప్రొటీన్‌ను కత్తిరిస్తుంది. నరం బాగానే ఉంది, కండరం బాగానే ఉంది, మెదడు బాగానే ఉంది. మధ్యలో కబురు అందదు. బిడ్డకు నొప్పి తెలుస్తుంది, మాట వినిపిస్తుంది, ముఖంలో చూపించలేడు. ఇది తల్లిదండ్రులకు చెప్పడం నాకెప్పుడూ కష్టంగానే ఉంటుంది.

ఒక బిడ్డను ఊహించుకుని రోజువారీగా చూద్దాం. మూడున్నర నెలల బాబు. బాగా పెరుగుతున్నాడు, తల్లిపాలు తాగుతున్నాడు, మెడ నిలబడింది. దగ్గు తగ్గుతుందని ఎవరో చెబితే వారం పాటు రోజూ కాస్త తేనె నాకించారు. స్పోర్లు లోపలికి వెళ్లిన తర్వాత లక్షణాలు కనిపించడానికి 3 నుంచి 30 రోజులు పట్టవచ్చు. అందుకే తేనె సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయి ఉంటారు. డాక్టరు కూడా అడగకపోతే ఎవరికీ గుర్తురాదు.

మొదట మలబద్ధకం. పేగు కదలడానికి కూడా అదే ఎసిటైల్‌కోలిన్ కావాలి కాబట్టి చాలామంది పిల్లల్లో ముందుగా కనిపించేది ఇదే. మూడు రోజులైంది, నాలుగు రోజులైంది, దొడ్డికి వెళ్లలేదు. ఇక్కడ తల్లులు భయపడకుండా ఒక మాట చెప్పాలి. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ, రెండో నెల నుంచి, కొన్ని రోజులు దొడ్డికి వెళ్లకపోవడం మామూలే. హుషారుగా పాలు తాగుతూ, ఆడుకుంటూ, వెళ్లినప్పుడు మెత్తగా వెళ్తుంటే అది జబ్బు కాదు. మన బాబుకు తేడా ఆ తర్వాతి రోజుల్లో కనిపిస్తుంది. పాలు తాగడానికి ఎక్కువసేపు పడుతోంది, నోరు పట్టు సడలుతోంది, పాలు నోటి పక్కనుంచి కారుతున్నాయి. తల్లికి రొమ్ములు బిగుసుకుపోయి నొప్పి చేస్తున్నాయి, ఎందుకంటే బాబు ఖాళీ చేయడం లేదు. ఏడుపు సన్నబడింది, పిల్లి కూనలా వినిపిస్తోంది. రెప్పలు సగం వాలాయి. నవ్వించినా ముఖం కదలడం లేదు. "వీడు ఈ మధ్య చాలా బుద్ధిమంతుడయ్యాడు, ఏడవడం లేదు" అని ఇంట్లో సంతోషించే రోజులివి. తర్వాత నిలబడిన మెడ మళ్లీ వాలిపోతుంది, చేతులు కాళ్లు మెత్తబడతాయి. బలహీనత తల నుంచి కిందికి దిగుతుంది, రెండు వైపులా సమానంగా. జ్వరం సాధారణంగా ఉండదు.

ఆసుపత్రికి వచ్చిన బిడ్డ మెత్తగా, పాలు తాగకుండా ఉంటే మా మనసులో మొదట మెదిలేది రక్తంలో ఇన్‌ఫెక్షన్. అది తప్పు కాదు, అది చాలా తరచుగా వచ్చేది, ప్రాణం తీసేది, దాన్ని ముందు చూడాల్సిందే. కానీ రక్త పరీక్షలు, వెన్ను నీరు మామూలుగా వచ్చి, బిడ్డ ఇంకా మెత్తబడుతుంటే ఆగి ఆలోచించాలి. ఇక్కడున్న నర్సులు ఒక పరీక్ష గుర్తుపెట్టుకోండి, దానికి చిన్న టార్చి చాలు. గది చీకటి చేసి కంట్లోకి వెలుగు వేయండి. కంటిపాప చిన్నదవుతుంది. వెలుగు తీసేయండి, మళ్లీ వేయండి. ఇలా రెండు మూడు నిమిషాలు చేయండి. మొదట్లో చురుగ్గా ముడుచుకున్న కంటిపాప రానురాను అలిసిపోయి, నెమ్మదిగా, సగం సగమే ముడుచుకుంటే బోట్యులిజాన్ని గట్టిగా అనుమానించాలి. పుట్టుకతో వచ్చే కొన్ని కండరాల, నరాల జబ్బుల్లోనూ బిడ్డ ఇలాగే మెత్తగా ఉంటాడు కానీ కంటిపాప ఇలా అలసిపోదు. నిర్ధారణ మాత్రం మలంలో విషం కానీ బాక్టీరియా కానీ కనిపెట్టడంతోనే జరుగుతుంది. తమాషా ఏమిటంటే జబ్బే మలబద్ధకం, నమూనా దొరకడమే కష్టం. కొద్దిగా స్టెరైల్ నీళ్లతో ఎనిమా ఇచ్చి తీయాల్సి వస్తుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. రక్తంలో ఇన్‌ఫెక్షన్ అనుకుని మనం మొదలుపెట్టే మందుల్లో జెంటామైసిన్ ఒకటి. మామూలుగా మంచి మందే. కానీ అది కూడా నరానికి, కండరానికి మధ్య కబురును కొంత అడ్డుకుంటుంది. అప్పటికే సగం కబుర్లు ఆగిపోయిన బిడ్డకు ఇది తోడైతే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే అనుమానం రాగానే ఆ కుటుంబానికి చెందిన మందులు మానేస్తాం. పేగులోని బాక్టీరియాను చంపడానికి యాంటీబయోటిక్ ఇవ్వవచ్చు కదా అంటే, అదీ ఇవ్వం. చచ్చే బాక్టీరియా పగిలి, లోపలున్న విషం ఒక్కసారిగా బయటపడుతుందన్న భయం ఉంది.

మరి వైద్యం ఏమిటి? ఊపిరి, తిండి. దగ్గలేని, మింగలేని బిడ్డకు ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూడాలి, చాలామందికి కొన్నాళ్లు వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది. పాలు ముక్కు గొట్టంలోంచి ఇస్తాం, తల్లిపాలైతే ఇంకా మంచిది. దీనికి ప్రత్యేకంగా ఒక మందు కూడా ఉంది. టీకా వేయించుకున్న మనుషుల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు అవి, అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకుంటాయి. 2006లో వచ్చిన అధ్యయనంలో, ఈ మందు ఇచ్చిన పిల్లలు సగటున 2.6 వారాలు ఆసుపత్రిలో ఉంటే, ఇవ్వని పిల్లలు 5.7 వారాలు ఉన్నారు. కానీ నరంలోకి అప్పటికే దూరిన విషాన్ని ఇది తీయలేదు. అందుకే ఫలితాలు రావాలని కూర్చోకుండా, అనుమానం గట్టిదైతే వెంటనే ఇవ్వడం మంచిది. మందు లేకపోయినా, ఊపిరికి సాయం సరిగ్గా అందితే పిల్లలు కోలుకుంటారు. నరం చివర్లు కొత్తగా మొలకలు వేసి, మళ్లీ కండరాన్ని అందుకుంటాయి. దానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మెదడు దెబ్బతినలేదు కాబట్టి, మధ్యలో ఊపిరి ఆగే ప్రమాదం జరగకుండా ఉంటే, ఆ బాబు మామూలుగానే పెరుగుతాడు. మంచి ఆసుపత్రి చేరిన పిల్లల్లో మరణం ఒక శాతం కన్నా తక్కువే.

ఇప్పుడు మీరు చీటీలు రాసి పంపిన ప్రశ్నలు. మొదటిది, "తేనె వేడి చేసి ఇస్తే?" ఇందాక విషం వేరు, స్పోర్ వేరు అన్నాను కదా, దాని అవసరం ఇక్కడ వచ్చింది. విషం వేడికి లొంగుతుంది, 85 డిగ్రీల్లో అయిదు నిమిషాలుంచితే నాశనమవుతుంది. కానీ తేనెలో విషం లేదు, స్పోర్ ఉంది. దాన్ని చంపాలంటే ఒత్తిడిలో, తడి ఆవిరిలో, 121 డిగ్రీల దాకా వెళ్లి కొన్ని నిమిషాలు ఉంచాలి. డబ్బా ఆహారం తయారుచేసేవాళ్లు అలాగే చేస్తారు. తేనె కంపెనీలు చేసే వేడి దీనికి చాలా తక్కువ, అది తేనె గడ్డకట్టకుండా ఉండటానికే పనికొస్తుంది. కాబట్టి సీసా మీద పాశ్చరైజ్డ్ అని ఉన్నా ధీమా పడకండి. తేనె కలిపి కాల్చిన బిస్కెట్టు, కేకు సంగతి కూడా ఇంతే. పొయ్యి 180 డిగ్రీలున్నా లోపలి ముద్ద నీరు మరిగే వేడిని దాటదు. ఏడాదిలోపు బిడ్డకు ఏ పొట్లం కొన్నా వెనక రాసిన పదార్థాల జాబితాలో తేనె ఉందేమో చూడండి.

రెండోది: "మా పిల్లలందరికీ ఇచ్చాం, ఎవరికీ ఏమీ కాలేదు." ఇది నిజమే అయి ఉంటుంది, నేను వాదించను. చాలా సీసాల్లో స్పోర్లు ఉండవు. ఉన్నా చాలామంది పిల్లల్లో పట్టవు. ఇది అరుదైన జబ్బే. కానీ పట్టిన బిడ్డకు పడే ఖరీదు వెంటిలేటర్ మీద వారాలు. అవతలి వైపు, ఆ వయసులో తేనె వల్ల వచ్చే లాభం ఏమైనా ఉందా అంటే, పాలు ఇవ్వని పోషకం ఏదీ అందులో లేదు. లాభం లేని చోట చిన్న ప్రమాదం మాత్రం ఎందుకు తీసుకోవాలన్నది నా లెక్క. "ఒక్క చుక్కే కదా" అన్న మాటకు కూడా అదే జవాబు. స్పోర్లు తేనెలో సమానంగా కలిసి ఉండవు, చుక్కలో ఎన్నున్నాయో ఎవరికీ తెలియదు. వేలితో రాసినా, పాలపీకకు పూసినా ఒకటే. అమెరికాలోని టెక్సాస్‌లో 2018లో నలుగురు పసిపిల్లలకు ఈ జబ్బు వచ్చింది. నలుగురూ నోట్లో పెట్టుకున్నది లోపల తేనె నింపిన పాసిఫయర్లు.

ఇక్కడ ముందు వరసలో ఒక అమ్మ అడుగుతున్నారు, తను తేనె తింటే పాల ద్వారా బిడ్డకు వస్తుందా అని. రాదమ్మా. స్పోర్ పేగులోంచి రక్తంలోకి, అక్కడి నుంచి పాలలోకి వెళ్లదు. మీరు నిశ్చింతగా తినండి. చేతులకు, రొమ్ముకు తేనె అంటుకుని ఉంటే మాత్రం పాలిచ్చే ముందు కడుక్కోండి.

మరో చీటీలో, సరిగ్గా పన్నెండు నెలలనే గీత ఎందుకు గీశారని ఉంది. పేగు ఒక పుట్టినరోజు ఉదయాన నిండిపోదు. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో 90 శాతం కన్నా ఎక్కువమంది ఆరు నెలల్లోపువాళ్లే. ఆ తర్వాత ఘనాహారం మొదలవుతుంది, రకరకాల బాక్టీరియాలు చేరతాయి, ప్రమాదం వేగంగా తగ్గుతుంది. ఏడాది దాటిన ఆరోగ్యవంతుల్లో దాదాపు కనిపించదు. అందరికీ వర్తించేలా, గుర్తుపెట్టుకోవడం తేలికయ్యేలా, కాస్త ఎక్కువ జాగ్రత్తతో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఏడాదినే గీతగా పెట్టింది. నెలలు నిండకుండా పుట్టినవాళ్ల విషయంలో, పేగుకు ఆపరేషన్ అయిన పిల్లల విషయంలో మీ డాక్టరును అడిగి ఇంకొన్నాళ్లు ఆగడం మంచిది.

ఏడాది దాటాక తేనె భయపడాల్సిన పదార్థం కాదు. రాత్రి పడుకునే ముందు కొంచెం ఇస్తే జలుబుతో వచ్చే దగ్గు కాస్త తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. వాటిలో ఒకదానిలో 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకు ఇచ్చింది అర టీస్పూనే. అది చక్కెరే కాబట్టి పళ్ల మీద రాత్రంతా ఉండనివ్వకండి.

చివరి చీటీ మీద పేరు లేదు: "నిన్న ఏడు నెలల పాపకు తెలియక తేనె నాకించాం, ఇప్పుడేం చేయాలి?" టెన్షన్ పడకండి. పాప మామూలుగా ఉంటే వాంతి చేయించడం, విరేచనాల మందు వేయడం, ముందుజాగ్రత్తగా యాంటీబయోటిక్ ఇవ్వడం, ఇవేవీ వద్దు. యాంటీబయోటిక్ ఉన్న కాపలాను కూడా చెడగొడుతుంది. ఆ తేనె ఇక ఇవ్వకండి. తారీఖు ఫోన్‌లో రాసిపెట్టుకోండి, నెల రోజులు గమనించండి. మలబద్ధకం ఒక్కటే ఉంటే మీ డాక్టరుకు చూపించి, తేనె విషయం మీరే ముందుగా చెప్పండి. దానికి తోడు పాలు పీల్చడం తగ్గినా, ఏడుపు సన్నబడినా, రెప్పలు వాలినా, మెడ వాలినా తెల్లారేదాకా ఆగకుండా వెంటిలేటర్ ఉన్న పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలో నోట్లో పాలు, నీళ్లు పోయకండి, మింగలేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాపను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టుకుని తీసుకెళ్లండి. ఇంట్లో ఆ తేనె సీసా ఉంటే పారేయకుండా వెంట తీసుకురండి, పరీక్షకు పనికొస్తుంది.